థంబ్‌నెయిల్‌లో 29,380... వీడియోలో 12,000

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ఉద్యోగ నోటిఫికేషన్ల మీద తెలుగులో యూట్యూబ్ చానెల్ నడుపుతున్నాను. పోస్టల్ జీడీఎస్ వీడియోకి ‘టెన్త్‌తో సెంట్రల్ గవర్నమెంట్ జాబ్, పరీక్ష లేదు, జీతం 29,380’ అని థంబ్‌నెయిల్ పెడితే వ్యూస్ బాగా వచ్చాయి. కానీ కామెంట్లలో తిట్టారు, తర్వాతి వీడియోలకు వ్యూస్ పడిపోయాయి. ఉన్నదున్నట్టు పెడితే ఎవరు చూస్తారు సార్? దీన్నే కెరీర్ చేసుకోవాలని ఉంది.
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: మీ థంబ్‌నెయిల్‌లో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు, చిక్కంతా అక్కడే వచ్చింది. గ్రామీణ డాక్ సేవక్ పోస్టులకు పరీక్ష లేని మాట నిజం, పదో తరగతి మార్కులతోనే ఎంపిక చేస్తారు. 29,380 కూడా నోటిఫికేషన్‌లో ఉన్న అంకే. కాకపోతే బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్, అంటే బీపీఎం, స్కేల్ 12,000తో మొదలై 29,380 దగ్గర ఆగుతుంది. అసిస్టెంట్ బీపీఎం, డాక్ సేవక్‌లకైతే 10,000 నుంచి 24,470. చేరిన కొత్తలో స్కేల్ మొదటి అంకె, దాని మీద డీఏ వస్తాయి. చివరి అంకెకు చేరాలంటే ఏళ్లు పడుతుంది. పైగా వీళ్లకు పని రోజుకు నాలుగైదు గంటలే, రెగ్యులర్ కేంద్ర ఉద్యోగుల కిందికి రారు. పది పాసైన కుర్రాడు ‘సెంట్రల్ గవర్నమెంట్ జాబ్, 29,380’ అని చదివితే మొదటి నెల నుంచే అంత వస్తుందనుకుంటాడు. ఇంట్లో అమ్మానాన్నలకూ అదే చెప్తాడు. అసలు జీతం మీరు వీడియోలో ఎప్పుడు చెప్పారో ఒకసారి చూసుకోండి. చివర్లో అయితే ఆ తిట్లు న్యాయమైనవే.

ఇప్పుడు యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరవండి. మీరు ఇన్నాళ్లూ చూస్తున్నది క్లిక్ శాతం అయ్యుంటుంది, అంటే థంబ్‌నెయిల్ కంటపడ్డ వాళ్లలో ఎంతమంది నొక్కారన్నది. దాని పక్కనే జనం ఎంతసేపు ఉన్నారో చెప్పే గ్రాఫ్ ఉంటుంది. మొదటి 30 సెకన్లలో ఎంతోకొంత మంది పోవడం ఏ వీడియోకైనా మామూలే. కానీ మీ మిగతా వీడియోల కంటే ఇక్కడ గీత బాగా కిందికి జారితే, లేదా అసలు జీతం చెప్పిన చోటే మెట్టులా పడితే, పైన రాసిన మాటకూ లోపలున్న విషయానికీ పొంతన కుదరలేదన్నట్టు. క్లిక్ శాతం ఎక్కువగా ఉండి, చూసిన సమయం తక్కువగా ఉండటమే దీని గుర్తు.

2012 నుంచే యూట్యూబ్ వ్యూస్ కంటే చూసిన సమయానికి ఎక్కువ విలువ ఇస్తోంది. క్లిక్ చేసి వెంటనే వెళ్లిపోయేవాళ్లు ఎక్కువైతే ఆ వీడియోను కొత్తవాళ్లకు చూపించడం తగ్గుతుంది. ఒకసారి మోసపోయినవాళ్లు మీ తర్వాతి వీడియో కనబడ్డా నొక్కరు. ఆడియన్స్ ట్యాబ్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రేక్షకుల సంఖ్య తగ్గుతూ వస్తోందేమో చూడండి. మీ వ్యూస్ పడిపోవడానికి కారణం బహుశా అక్కడే దొరుకుతుంది.

ఉన్నదున్నట్టు రాయడమంటే చప్పగా రాయమని కాదు. ‘పరీక్ష లేదు, పది మార్కులే చాలు. జీడీఎస్‌లో మొదటి నెల చేతికి ఎంత?’ అని పెట్టండి. ఆసక్తి అలాగే ఉంటుంది, మాటా నిలబడుతుంది. ఆ జవాబు మొదటి నిమిషంలోనే చెప్పేయండి. చెప్పేస్తే వెళ్లిపోతారని భయపడకండి. మార్కుల లెక్క, ఏ డివిజన్ ఎంచుకోవాలి, టెన్త్ వరకు తెలుగు చదివి ఉండాలన్న నిబంధన లాంటివి తెలుసుకోవాల్సినవాళ్లు ఉంటారు. నమ్మకం కుదరకపోతే స్టూడియోలో ఒకే వీడియోకి మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెట్టి పోల్చవచ్చు. అందులో గెలిచేది ఎక్కువ క్లిక్‌లు తెచ్చింది కాదు, ఎక్కువసేపు చూసేలా చేసింది.

ఒక్కటి మాత్రం అస్సలు చేయకండి. నోటిఫికేషన్ రాకముందే ‘వచ్చేసింది!’ అని పెట్టకండి. వీడియోలో లేని విషయాన్ని టైటిల్‌లోనో థంబ్‌నెయిల్‌లోనో పెట్టిన వీడియోలపై, ముఖ్యంగా తాజా వార్తలకు సంబంధించినవాటిపై, భారత్‌లో గట్టిగా చర్యలు తీసుకుంటామని, వాటిని తొలగిస్తామని యూట్యూబ్ 2024 డిసెంబరులో ప్రకటించింది. గ్రూప్స్, డీఎస్సీ కోసం ఎదురుచూసేవాళ్లు ఆ ఒక్క మాటతో కోచింగ్‌కు డబ్బు కట్టేస్తారు, టెన్షన్ పడతారు. ‘ఇంకా రాలేదు, ఇప్పటివరకు అధికారికంగా చెప్పింది ఇదీ’ అన్న టైటిల్‌కు వ్యూస్ తక్కువే రావచ్చు. ఆ తగ్గుదలను భరించాల్సిందే, దానికి అడ్డదారి లేదు.

కెరీర్ సంగతికొస్తే, రేపు డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగానికి వెళ్తే ఇంటర్వ్యూలో మీ చానెల్ తెరిచి, ముందు థంబ్‌నెయిళ్లు, ఆ తర్వాత కామెంట్లు చూస్తారు. కాబట్టి పాతవాటితోనే మొదలుపెట్టండి. వీడియో తీసేయక్కర్లేదు, టైటిల్, థంబ్‌నెయిల్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. జీడీఎస్ వీడియోకి ఈరోజే మార్చి, ‘29,380 స్కేల్‌లో చివరి అంకె, బీపీఎంకు మొదలు 12,000 + డీఏ’ అని ఒక కామెంట్ రాసి పిన్ చేయండి. తిట్టినవాళ్ల కామెంట్లు మాత్రం డిలీట్ చేయకండి, వాటి కింద జవాబు రాయండి.