కప్పు ఖర్చు ఒక్కసారిగా ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మాది పేపర్ కప్పుల యూనిట్. ఎక్సెల్‌లో కప్పు ఖర్చు మామూలుగా 60 పైసలు వచ్చేది. ఆర్డర్లు తగ్గిన ఈ నెల 70 పైసలు చూపిస్తోంది. ఫార్ములా తప్పా? రేటు పెంచాలా? షీట్ పంపుతున్నాను.

జవాబు: రేటు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఎక్సెల్ లెక్క సరిగ్గానే చేసింది. మీరు దేనితో భాగించమన్నారన్న దగ్గరే తేడా వచ్చింది.

అద్దె, మెషిన్ తరుగుదల, సూపర్‌వైజర్ జీతం కలిపి B2లో 90,000 రూపాయలు ఉన్నాయి. దాన్ని B5తో, అంటే ఈ నెల నిజంగా తయారైన 3 లక్షల కప్పులతో భాగించారు. కప్పుకు 30 పైసలు పడింది. పేపరు, కరెంటు వగైరా 40 పైసలు కలిస్తే 70. మెషిన్ ఖాళీగా ఉన్న గంటల భారం కూడా తయారైన కప్పుల మీదే పడిందన్నమాట. దీన్ని చూసి రేటు పెంచితే ఆర్డర్లు ఇంకా తగ్గుతాయి, వచ్చే నెల షీట్ ఇంకా పెంచమంటుంది.

నిమిషానికి 60 కప్పులు, రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు అనుకుంటే 7,48,800 కప్పులు. రోల్ మార్చడం, హీటర్ వేడెక్కడం, మెయింటెనెన్స్ తీసేస్తే సుమారు 6 లక్షలు మిగులుతాయి. అది ప్రాక్టికల్ కెపాసిటీ. ఇందులో ఆర్డర్ల ప్రస్తావనే లేదు. నార్మల్ కెపాసిటీలో అది ఉంటుంది: మంచి సీజన్లూ చెడ్డ సీజన్లూ కలిపి, మామూలు పరిస్థితుల్లో సగటున చేయగలిగేది. మీ మూడేళ్ల షీట్ ప్రకారం అది 4.5 లక్షలు.

90,000ను మొదటిదానితో భాగించి ఆ 40 పైసలు కలిపితే కప్పు 55 పైసలు, రెండోదానితో 60. మిగిలిన స్టాకు విలువ కట్టడానికి అకౌంటింగ్ స్టాండర్డ్ AS 2 అడిగేది నార్మల్ కెపాసిటీనే. B3లో 600000, B4లో 450000 పెట్టి, B6, B7లలో వరుసగా ఇవి రాయండి:

```
=B2/MAX(B4,B5)
=B2-B5*B6
```

MAX ఎందుకంటే, ఉత్పత్తి అసాధారణంగా పెరిగిన నెలలో కప్పుకు పడే B2 వాటా, అంటే B6, తగ్గాలని AS 2 చెబుతుంది. లేదంటే స్టాకు అసలు ఖర్చు కంటే ఎక్కువ విలువ చూపిస్తుంది. ఈ నెల B7లో 30,000 వస్తుంది. ఏ కప్పుకూ అంటని ఖర్చు అది, నేరుగా ఈ నెల లాభనష్టాల్లోకి పోవాలి. గోడౌన్‌లో 50,000 కప్పులు మిగిలి ఉంటే స్టాకు విలువ 35,000 కాదు, 30,000.

కొటేషన్ వేసేటప్పుడు మాత్రం నేనైతే పక్కన B2/B3 కూడా పెట్టుకుంటాను. నార్మల్‌లో కూడా కొంత ఖాళీ సామర్థ్యం దాగి ఉంటుంది, కస్టమర్ దానికి డబ్బివ్వడు. అయితే 55 పైసలనే పూర్తి ఖర్చు అనుకోకండి. 4.5 లక్షల కప్పులు అమ్మినా ఆ లెక్కలో 90,000లో 67,500 మాత్రమే తిరిగొస్తుంది. మిగతా 22,500 మీ మార్జిన్‌లోంచే రావాలి.