0.5లో తీసిన బెడ్‌రూమ్

"నిజాంపేటలో మా టూ బీహెచ్‌కే అమ్మకానికి పెట్టాం సార్. 0.5లో వీడియో తీసి పంపితే అందరూ బాగుందంటున్నారు, తీరా వచ్చి చూసి మాట్లాడకుండా వెళ్లిపోతున్నారు. ఏ వరుసలో తీయాలి?"

వరుస సంగతి తర్వాత, ముందు ఫోన్ కెమెరాలో ఆ 0.5, అంటే వైడ్ లెన్స్, మానేయండి. ఇలాంటి మెయిల్ ఈ మధ్య నాకు ఇది నాలుగోది. ఒకే చోట నిలబడి 1x నుంచి 0.5కి మారిస్తే ఎదురు గోడ స్క్రీన్ మీద సగానికి సగం చిన్నదైపోతుంది, కంటికేమో అది రెట్టింపు దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. 10 బై 11 గది అనుకోండి, 5 అడుగుల మంచం, 2 అడుగుల వార్డ్‌రోబ్ పోతే నడవడానికి మిగిలేది 3 అడుగులు, వీడియోలో అది హాయిగా ఆరడుగుల్లా ఉంటుంది. కాస్త తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు, ఫ్రేమ్ అంచులో ఉన్న గోడ గడియారం కోడిగుడ్డులా సాగిపోయి ఉంటుంది కదా.

1xలోనే గుమ్మం పక్క మూలకి వీపు ఆనించి, ఫోన్ ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. గది మొత్తం పట్టకపోతే పట్టకపోనీ, నేల మీద గోడ నుంచి గోడకి టేపు పరిచి ఆ అంకె ఒకసారి చూపించండి. బాత్రూమ్‌లో వెనక్కి జరగడానికి చోటుండదు, అక్కడొక్కచోట వైడ్ వాడుకోండి, వాడినట్టు నోటితో చెప్పండి.

ఇక వరుస: లిఫ్ట్ దగ్గర మొదలుపెట్టి మెయిన్ డోర్, హాలు, కిచెన్, యుటిలిటీ, బెడ్‌రూములు, చివర్లో బాల్కనీ, కట్ లేకుండా నడుస్తూ. కట్ చేశారంటే ఏ గది దేని పక్కనుందో చూసేవాళ్లకి అర్థం కాదు. బాల్కనీలో ఆకాశం చూపించి ఆపేయకండి, పక్క బిల్డింగ్ గోడ ఎంత దగ్గరుందో అదీ చూపించండి, వచ్చినవాళ్లు ఎలాగూ చూస్తారు.

అన్నట్టు కొన్ని ఫోన్లు దేనికైనా దగ్గరగా వెళ్తే చాలు, వీడియో మధ్యలో వాటంతటవే లెన్స్ మార్చేస్తాయి, ఈ ఆటో స్విచ్ ఎవరడిగారో నాకైతే తెలీదు. కెమెరా సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకోండి.

నాకు అసలు భయం వేరే. మీ వీడియోలో ఫ్లాట్ నంబరు, తాళం రకం, హుక్కుకి వేలాడే తాళంచెవులు, రౌటర్ కింద స్టిక్కర్ మీద వైఫై పాస్‌వర్డ్, అన్నీ ఉంటాయి, పైగా ఇల్లు అమ్మకానికుందని మీరే చెప్తున్నారు. తాళంచెవి పళ్లు ఫొటోలో స్పష్టంగా కనబడితే దాన్ని చూసి నకలు చేయొచ్చు. లొకేషన్ ఆన్‌లో పెట్టి తీస్తే జీపీఎస్ కూడా ఫైల్లోనే కూర్చుంటుంది, క్లారిటీ కోసమని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపారంటే అదీ వెంటే పోతుంది. తీసేముందే కెమెరాకి లొకేషన్ పర్మిషన్ ఆపండి, ఇప్పటికే పంపినదాంట్లో తాళంచెవులు కనబడుతుంటే మాత్రం తాళం మార్చేయండి.