మాట్లాడని తరగతిని కథలో ఎలా చూపించాలి?

ప్రశ్న: ఉపాధ్యాయ శిక్షణ పత్రికకు చిన్న కథ రాస్తున్నాను. కొత్త టీచరు, మొదటి వారం, ఎంత అడిగినా నోరు విప్పని తరగతి. నమ్మేలా ఎలా రాయాలి?

జవాబు:

ఆ మౌనానికి కారణం పిల్లల స్వభావంలో కాక, టీచరు ప్రశ్న అడిగే తీరులో ఉన్నట్టు చూపించండి. బెంగళూరులో కె.ఆర్. పురం దగ్గర ఒక బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పడానికి చేరినప్పుడు నా అనుభవం అదే. తరగతిలో 38 మంది. చాలామంది ఇళ్లలో అనంతపురం వైపు తెలుగు, మిగిలినవాళ్ల ఇళ్లలో కన్నడం, తమిళం. పాఠం మాత్రం ఇంగ్లీషులో.

సోమవారం భిన్నాల కూడిక చెప్పి, అర్థమైందా అని అడిగితే, "ఎస్ మిస్" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. 1/2 + 1/3 ఎంత అని అడిగినప్పుడు ముందు బెంచీ అబ్బాయి ఒక్కడే మెల్లగా "టూ బై ఫైవ్" అన్నాడు. "కాదు, ఇంకెవరు?" అంటూ నేను పక్కకు తిరిగాను. ఆ తర్వాత రెండు రోజులు ఒక్క చెయ్యీ లేవలేదు.

బుధవారం మా సీనియర్ టీచరు వెనక కూర్చుని చూసి, "నువ్వడిగిన ప్రశ్నలకు నువ్వే జవాబు చెప్పేసుకుంటున్నావమ్మా, ఒక్క సెకను కూడా ఆగడం లేదు" అన్నారు. అమెరికాలో మేరీ బడ్ రో 1970ల్లో సైన్సు తరగతులను పరిశీలించి చెప్పినదీ ఇదే: టీచర్లు సగటున ఒక సెకను ఆగుతున్నారు, కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు పెరుగుతాయి, పొడవవుతాయి.

అయితే గురువారం నేను ఆగి చూస్తే తలలు ఇంకా వంగాయి. అందరి ముందు, ఇంగ్లీషులో, తప్పయితే వదిలేసే టీచరుకు జవాబు చెప్పడానికి ఏ పిల్లవాడికైనా 3 సెకన్లు చాలవు. అందుకని ముందు రఫ్ నోటులో ఒక నిమిషం రాయమని, తర్వాత పక్కవాళ్లకు ఏ భాషలోనైనా చెప్పమని అన్నాను. బెంచీల మధ్య నడుస్తూ చూస్తే చాలా నోట్లలో 2/5 కనిపించింది. మౌనం వెనక దాగిన తప్పు అదే, పైవాటిని, కిందవాటిని విడివిడిగా కూడేశారు. కథలో ఈ ఘట్టానికి ఎక్కువ చోటివ్వండి. (ఆటలో స్నేహితులతోనూ మాట్లాడని పిల్లల సంగతి వేరు, వాళ్ల వినికిడి గురించి, ఇంటి పరిస్థితి గురించి విడిగా కనుక్కోవాలి.)

బోర్డు మీద 1/2, 2/5 పక్కపక్కన రాసి ఏది పెద్దదని అడిగి ఆగాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, నాతో కాదు, పక్క అమ్మాయితో, "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువ ఎట్లయితాది?" అంది.

ఆఖరి రోజున తరగతి మొత్తం గలగలా మాట్లాడేసినట్టు రాయకండి, అలా జరగదు. మా శుక్రవారం నాడు ముందు బెంచీ అబ్బాయి నోరు విప్పలేదు, కాగితాన్ని ఆరు సమాన గళ్లు వచ్చేటట్టు మడిచి, మూడు గళ్లు, ఆపైన రెండు గళ్లు పెన్సిలుతో నింపి, దాన్ని బెంచీ అంచుకు, నాకు కనబడేటట్టు జరిపాడు.