పెట్టె వస్తుంది, నొక్కేస్తాను: ఆట సమయాన్ని గుర్తుచేసే హెచ్చరికలు పనిచేస్తాయా?

ప్రశ్న: లెస్టర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక నిద్ర పట్టక ఫోనులో స్లాట్ ఆటలు ఆడటం అలవాటైంది. గంటకోసారి ‘మీరు 60 నిమిషాలుగా ఆడుతున్నారు’ అని తెర మీద ఒక పెట్టె వస్తుంది. చదవకుండానే నొక్కేస్తాను. మొన్న 10 పౌండ్లతో కూర్చుని 70 పోగొట్టుకుని లేచాను. ఈ పెట్టెల వల్ల ఉపయోగం ఉందా? ఉంటే ఎలా పెట్టుకోవాలి?

జవాబు: ఉపయోగం ఉంది, కానీ చాలా కొద్దిగా. ఆ కొద్దిపాటి ఉపయోగమైనా మీరు ఆ పెట్టెను ఎలా అమర్చుకున్నారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. గంటకు ఒకసారి వచ్చేలా వదిలేస్తే అది దాదాపు లేనట్టే.

బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న క్యాసినో సైట్లు ఈ పెట్టెను తమ ఇష్టంతో పెట్టడం లేదు. ఎంతసేపటికి ఒకసారి రావాలో ఆటగాడే నిర్ణయించుకునే వీలు కల్పించాలని అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ సాంకేతిక ప్రమాణాలు చెబుతాయి. ఆట మొదలై ఎంతసేపయిందో ఆ పెట్టె చూపాలి, మీరు ఏదో ఒకటి నొక్కితే తప్ప తెర మీద నుంచి పోకూడదు. స్లాట్ ఆటలకు 2021 అక్టోబరు 31 నుంచి మరికొన్ని నిబంధనలు కలిశాయి. గడిచిన సమయం, ఆ ఆటలో మీకు నికరంగా వచ్చింది లేదా పోయింది ఎంతో తెర మీద కనిపించాలి. ఒక స్పిన్ మొదలయ్యాక మరోది మొదలవడానికి కనీసం రెండున్నర సెకన్లు పట్టాలి. దానంతట అదే తిరిగే ఆటోప్లే ఉండకూడదు.

ఇక పనిచేస్తుందా అన్న మాటకు వస్తాను. మైకేల్ ఆవర్, మార్క్ గ్రిఫిత్స్ అనే పరిశోధకులు ఒక నిజమైన ఆన్‌లైన్ స్లాట్ సైటులో, ఆపకుండా వెయ్యి స్పిన్లు తిప్పినవారికి కనిపించే పెట్టెను పరిశీలించారు. ‘వెయ్యి ఆటలు ఆడారు, కొనసాగిస్తారా?’ అన్న మామూలు మాట చూసి అక్కడికక్కడ ఆపేసిన ఆటలు నూటికి 0.67. మీరు ఆడుతున్నది ఎక్కువేమో ఆలోచించుకోండి, చాలామంది ఇంతసేపు ఆడరు అన్న తరహాలో ఆ మాటలను మార్చాక అది 1.39కి పెరిగింది. 2015లో ప్రచురితమైన ఈ ఫలితంలో నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. పెట్టెలోని మాటలు మారితే ప్రభావం రెట్టింపయింది. అలా రెట్టింపయ్యాక కూడా నూటికి తొంభై ఎనిమిదికి పైగా ఆటలు సాగిపోయాయి. కాబట్టి చదవకుండా నొక్కేయడం మీ ఒక్కరి బలహీనత కాదు. దాదాపు అందరూ చేసేది అదే.

ఎందుకలా జరుగుతుందో ఒక మిత్రుడి పక్కన కూర్చుని చూసినప్పుడు నాకు అర్థమైంది. అతని బొటనవేలు స్పిన్ మీట మీద ఆగి ఉంది. పెట్టె వచ్చింది. ‘కొనసాగించు’ అనే మీట సరిగ్గా ఆ వేలి కిందికే వచ్చింది. కన్ను మొదటి మాట చదివేలోగా వేలు నొక్కేసింది. పెట్టెలో ఏముందని వెంటనే అడిగితే అతను చెప్పలేకపోయాడు. మీ ఫోనులో ఆ మీట ఎక్కడ పడుతోందో ఒకసారి చూడండి. స్పిన్ మీట మీదే పడుతుంటే, ఆడేటప్పుడు ఫోనును అడ్డంగా తిప్పండి, లేదా రెండో చేత్తో పట్టుకోండి. చిన్న సంగతే, కానీ చదవడానికి కావలసిన ఒకటి రెండు సెకన్లు దానితో దొరుకుతాయి.

అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. పెట్టె లెక్కించేది సమయాన్ని, పోయేది డబ్బు. మీరు ఒక్కో స్పిన్‌కు ఎంత పెట్టారో రాయలేదు. 20 పెన్స్ అనుకుందాం. తీరిగ్గా ఐదు సెకన్లకు ఒక స్పిన్ తిప్పినా గంటకు 720 స్పిన్లు, అంటే 144 పౌండ్ల పందెం. చేతిలో ఉన్నది పదే అయినా, గెలిచినదాన్ని మళ్లీ మళ్లీ పెడుతూ ఉంటాం కాబట్టి పందెం అంత దూరం పోతుంది. ఆట సహాయ పేజీలో RTP అని, పందెంలో ఆటగాళ్లకు తిరిగి వచ్చే వాటాను చెప్పే ఒక శాతం ఉంటుంది. అది 94 అయితే పందెంలో సగటున 6 శాతం పోతుంది, అంటే గంటకు సుమారు 8 పౌండ్ల 64 పెన్స్. సగటు అంటే సగటే. ఒక రాత్రి పది పౌండ్లూ పది నిమిషాల్లో పోవచ్చు, మరో రాత్రి మిగలనూ వచ్చు. అయినా 20 పెన్స్ పందేలతో ఒక్క కూర్చోవడంలో 70 పోవడం అరుదు. మధ్యలో ఎక్కడో పందెం పెంచి ఉంటారు. స్పిన్‌కు పౌండు చొప్పున అయితే అదే గంటకు సగటున 43 పౌండ్లు పోతాయి. రెండు సందర్భాల్లోనూ పెట్టె మీద ఉండేది ఒకే మాట: 60 నిమిషాలు.

అందుకని మొదట ఖాతాలో వారానికో నెలకో కాకుండా రోజుకు జమ చేసే పరిమితి పెట్టండి. చాలా సైట్లలో ఇది Safer Gambling అనే విభాగంలో Deposit limit పేరుతో ఉంటుంది. మీ లెక్క పది పౌండ్లు అయితే పదే పెట్టండి. దీనికి పెట్టెకు లేని ఒక బలం ఉంది. తగ్గిస్తే వెంటనే అమలవుతుంది. పెంచాలంటే 24 గంటలు ఆగాలి, ఆ తర్వాత మళ్లీ మీరే వచ్చి ఖాయం చేయాలి. తెల్లవారుజామున ఆవేశంలో తీసుకున్న నిర్ణయం మర్నాటి దాకా నిలవాలన్నమాట. మొన్నటి 10 పౌండ్లు 70 కాకుండా ఆపగలిగేది ఇదే. అయితే ఈ పరిమితి ఆ ఒక్క ఖాతాకే. మరో సైటులో ఖాతా ఉంటే అక్కడా విడిగా పెట్టాలి.

దాని తర్వాతే పెట్టె వ్యవధి. 60 నిమిషాలను 20కి తగ్గించండి. ఇంకా తగ్గించి ఐదు నిమిషాలకు పెట్టాలనిపిస్తుంది కానీ, వద్దు. అంత తరచుగా వస్తే రెండు మూడు రోజుల్లో దాన్ని మీ కన్ను పట్టించుకోవడం మానేస్తుంది. ఇరవై నిమిషాల్లో, పైన చెప్పిన వేగంతో, 240 స్పిన్లు అవుతాయి. 20 పెన్స్ చొప్పున 48 పౌండ్ల పందెం. ఆగి చూసుకోవడానికి అది చాలినంత. మొదటి పెట్టెకు ఏం చేయాలో, రెండోదానికి ఏం చేయాలో ఆట తెరవకముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. నేనైతే ఇలా రాస్తాను: మొదటి పెట్టె రాగానే ఖాతా చరిత్ర తెరిచి ఈ రోజు ఎంత పోయిందో పైకి చదవాలి. రెండో పెట్టె రాగానే మిగిలిన డబ్బు బ్యాంకుకు వెనక్కు పంపి ఆట మూసేయాలి. మిగిలింది ఎంతైనా సరే. ఆడుతూ ఉండగా తీసుకునే నిర్ణయాన్ని నమ్మలేం. ముందే తీసుకున్నదాన్ని పాటించడం కాస్త తేలిక.

పెట్టె లెక్క సరిగా ఉందో లేదో మీరే పరీక్షించాలి. సైటు ఇచ్చే అతి తక్కువ వ్యవధి పెట్టి ఒక ఆట తెరవండి. పందెం పెట్టనక్కర్లేదు. సగం సమయం కాగానే ఆ ఆట మూసి మరొకటి తెరవండి. గడియారం మొదటి నుంచి లెక్కిస్తోందా, కొనసాగుతోందా? ఫోను తెర ఆర్పి రెండు నిమిషాల తర్వాత తెరిస్తే ఏమవుతోంది? బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయితే? మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంటే, ఆటలు మారుస్తూ ఆడేవారికి ఆ పెట్టె ఎప్పటికీ రాకపోవచ్చు. రెండు సైట్లలో ఆడేవారికైతే ఒకదాని గడియారానికి రెండోదాని సంగతే తెలియదు.

ఈ లోపానికి మందు సైటులో లేదు. వంటింట్లో ఉంది. ఆట మొదలుపెట్టే ముందు, ఆపేదాకా మోగుతూనే ఉండే వంట టైమరును 40 నిమిషాలకు అమర్చి పొయ్యి పక్కన పెట్టండి. అది ఆట మారినా ఆగదు, లేచి వెళ్లి ఆపితే తప్ప మోత తగ్గదు. లేవడమే ముఖ్యం. ఐఫోనులో అయితే Screen Time లో ఆ యాప్‌కు పరిమితి పెట్టి, Block at End of Limit అన్నది ఆన్ చేసి, పాస్‌కోడ్‌ను ఇంట్లో మీరు నమ్మే మనిషి చేత పెట్టించండి. పాస్‌కోడ్ మీకే తెలిస్తే పరిమితిని దాటడం ఒక్క క్షణం పని. బ్రౌజరులో ఆడుతుంటే ఆ సైటు చిరునామాను కూడా అందులో చేర్చాలి.

లేచాక ఏం చేస్తారన్నదీ ముఖ్యమే. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరిని కంప్యూటరు మీద బ్లాక్‌జాక్ ఆడించి, మధ్యలో మూడు లేదా ఎనిమిది నిమిషాలు ఆపారు. విరామం పెరిగేకొద్దీ మళ్లీ ఆడాలన్న తహతహ తగ్గలేదు, పెరిగింది. కాబట్టి ఆట తెరిచి ఉంచి ఐదు నిమిషాలు ఆగుదామనుకోకండి. డబ్బు వెనక్కు పంపే పని పూర్తి చేసి, లాగౌట్ అయ్యి, ఫోనును పడకగది బయట చార్జింగులో పెట్టండి. మీకు అసలు కావలసింది నిద్ర కదా.

ఇవన్నీ చేయడం మొదలుపెట్టాక రెండు వారాలు ఆ కాగితం మీదే గుర్తు పెట్టుకుంటూ రండి. రెండో పెట్టెకు ఎన్నిసార్లు లేచారు, ఎన్నిసార్లు లేవలేదు? సగం సార్లైనా లేవలేకపోతే, లేదా పరిమితి అయిపోగానే మరో సైటులో కొత్త ఖాతా తెరిచి ఉంటే, వ్యవధిని మార్చి చూడటం ఆపేయండి. అది గడియారంతో తీరే సమస్య కాదు. అప్పుడు gamstop.co.uk లో పేరు నమోదు చేయండి. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు అని వ్యవధి ఎంచుకోవచ్చు. గ్రేట్ బ్రిటన్ లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ జూద సంస్థలన్నీ మిమ్మల్ని ఆపాలి, ఎంచుకున్న గడువు తీరేదాకా దాన్ని రద్దు చేయలేరు. బ్యాంకు యాప్‌లో జూదం చెల్లింపులను ఆపే మీట ఉంటే అదీ నొక్కండి. చాలా బ్యాంకుల్లో దాన్ని తీయాలంటే కొంతకాలం వేచి ఉండాలి. మాట్లాడాలనిపిస్తే నేషనల్ గ్యాంబ్లింగ్ హెల్ప్‌లైన్ నంబరు 0808 8020 133. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెల్లవారుజామున మీరు డ్యూటీ నుంచి వచ్చే వేళకు కూడా ఎవరో ఒకరు ఫోనెత్తుతారు.

ఒక మాట హైదరాబాదు, విజయవాడల నుంచి ఇదే అడిగినవారికి. పైన చెప్పినవన్నీ బ్రిటన్ లైసెన్సు ఉన్న సైట్లకే వర్తిస్తాయి. మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. ఇంకా ఎవరైనా లింకు పంపి ఆడమంటున్నారంటే, అందులో కనిపించే టైమరును గానీ పరిమితిని గానీ తనిఖీ చేసేవారు ఎవరూ లేరు. దాన్ని సరిగా అమర్చుకునే పద్ధతంటూ ఏదీ లేదు, ఆ యాప్‌ను తీసేయండి.