కాదన్న కంపెనీని కారణం అడగొచ్చా?

మేం హన్మకొండలో ఉంటాం. నాకు 26 ఏళ్లు. మడికొండ ఐటీ పార్కులో ఒక చిన్న కంపెనీలో మూడేళ్లుగా బ్యాకెండ్ డెవలపర్‌గా చేస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక ప్రొడక్ట్ కంపెనీకి అప్లై చేస్తే ఆన్‌లైన్ టెస్టు, రెండు కోడింగ్ రౌండ్లు, సిస్టమ్ డిజైన్, మేనేజర్ రౌండ్ దాకా తీసుకెళ్లారు. మొన్న రెండు లైన్ల మెయిల్ వచ్చింది, వేరొకరిని తీసుకుంటున్నామని. అప్పట్నుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదు. బాపు ‘ఫోన్ చేసి గట్టిగ అడుగు, కారణం చెప్పాల్సిందే’ అంటున్నాడు. అక్కవాళ్ల బావ ‘వద్దన్నోళ్లను మళ్ల బతిమిలాడుడేంది, ఇజ్జత్ పోతది’ అంటున్నాడు. రాత్రి కూర్చుని పెద్ద మెయిల్ రాసుకున్నాను. మీకూ పంపుతున్నాను. కంపెనీకి పంపమంటారా?
– ఒక సోదరి, హన్మకొండ

అడగండి. కానీ ఈ మెయిల్‌తో కాదు.

ముందు మీ బావగారి మాట. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నేళ్లు నియామకాల విభాగంలో పనిచేశాను. ఇన్ని రౌండ్లు దాటి వచ్చిన మనిషి మర్యాదగా ఫీడ్‌బ్యాక్ అడిగితే ఆఫీసులో ఎవరూ చిన్నచూపు చూడరు. రిక్రూటర్లకు ఇలాంటి మెయిల్స్ వస్తూనే ఉంటాయి. ఉద్యోగం ఇవ్వమని మళ్లీ మళ్లీ అడగడం వేరు, ఎక్కడ తగ్గానో చెప్పమనడం వేరు. రెండోదానిలో ఇజ్జత్ పోయేదేమీ లేదు.

ఇక మీ బాపు చెప్పింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రభుత్వ సంస్థల కోసం. ఒక ప్రైవేటు కంపెనీని ‘నన్నెందుకు తీసుకోలేదు’ అని దాని కింద నిలదీయలేం. కంపెనీ జవాబు ఇస్తే అది వాళ్ల మంచితనం. అందుకే గట్టిగా అడిగితే పని జరగదు.

కంపెనీలు ఎందుకు చెప్పవో తెలిస్తే ఎలా అడగాలో మీకే తెలుస్తుంది. ప్రతి రౌండ్ అయ్యాక ఇంటర్వ్యూ చేసినవాళ్లు తమ అభిప్రాయాన్ని రాసి పెడతారు, తీసుకోవచ్చా వద్దా అన్నదీ రాస్తారు. చివర్లో అవన్నీ ముందు పెట్టుకుని నిర్ణయం చేస్తారు. కాబట్టి కారణం ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. అయితే అది బయటికి చెబితే కొందరు అభ్యర్థులు వాదనకు దిగుతారు. ‘ఆ ప్రశ్నే తప్పు’, ‘నా జవాబు సరిగ్గానే ఉంది’ అంటూ మెయిల్ మీద మెయిల్ పెడతారు. పైగా రాతపూర్వకంగా ఇచ్చిన ఏ మాటైనా రేపు గొడవలో సాక్ష్యమవుతుందని లీగల్ వాళ్ల భయం. అందుకే అందరికీ ఒకే రెండు లైన్లు. అది మీ మీద కోపంతో రాసింది కాదు, మిమ్మల్ని చూసి రాసింది కూడా కాదు. మీరు వాదించరన్న నమ్మకం కలిగితేనే రిక్రూటర్ నోరు విప్పుతారు.

ఇప్పుడు మీ మెయిల్ చూద్దాం. ‘అన్ని రౌండ్లూ బాగా చేశాను, ఇంటర్వ్యూ చేసినవాళ్లు కూడా గుడ్ అన్నారు, మరి ఎందుకు రిజెక్ట్ చేశారో అర్థం కాలేదు’ అని మొదలుపెట్టారు. మీరు ప్రశ్నే అడిగారు గానీ చదివేవాళ్లకు నిలదీసినట్టు ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘గుడ్’ అనడం చాలాసార్లు మర్యాద కోసమే. అభ్యర్థి కంగారు పడకుండా ఉండాలని, ఫలితం బయటపడకుండా ఉండాలని అలా అంటారు. ఆ మాటను సాక్ష్యంగా చూపిస్తే ఆ ఇంటర్వ్యూ చేసిన మనిషినే ఇరుకున పెట్టినట్టవుతుంది.

తర్వాత ‘కనీసం కారణం తెలుసుకునే హక్కు నాకుంది’ అన్నారు. ఈ వాక్యం తీసేయండి. నెల రోజులు మీ టైము పెట్టారు, బాధ న్యాయమైనదే. కానీ ఆ వాక్యం చదివిన రిక్రూటర్ ఏ జవాబూ ఇవ్వకుండా మెయిల్‌ను పైవాళ్లకు పంపేస్తారు.

మూడోది, ‘ఇంకొక్క అవకాశం ఇస్తే నిరూపించుకుంటాను’. ఇది ఉన్నంతసేపూ మీ ఫీడ్‌బ్యాక్ ప్రశ్న వాళ్లకు కనిపించదు. నిర్ణయం మార్చమంటున్నారనే అనుకుంటారు, దానికి కాదని చెప్పేసి ఊరుకుంటారు.

మీ మెయిల్‌లో నాకు నచ్చిన వాక్యం చివర్లో, ఎక్కడో మూలన ఉంది. సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో బస్సు సీటు బుకింగ్ అడిగారని, పేమెంట్ అయ్యేదాకా ఇంకెవరూ తీసుకోకుండా డేటాబేస్‌లో ఆ సీటుకు లాక్ పట్టి ఉంచాలని మీరు చెప్పారని, ‘పేమెంట్‌కి పది నిమిషాలు పడితే?’ అని ఎదురు ప్రశ్న వచ్చేసరికి ఆగిపోయారని రాశారు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే దారి తోచిందనీ రాశారు.

ఆ ప్రశ్న ఎందుకు వేశారో చూడండి. పేమెంట్ అయ్యేదాకా లాక్ వదలకపోతే ఆ లావాదేవీ తెరిచే ఉంటుంది, దానితోపాటు ఒక డేటాబేస్ కనెక్షన్ కూడా ఇరుక్కుపోతుంది. మేడారం జాతరకో, బతుకమ్మ పండక్కో ఒకేసారి వేలమంది బుక్ చేస్తున్నప్పుడు, యూపీఐ పేజీ తెరిచి పిన్ కొట్టకుండా కూర్చున్న ప్రతి మనిషీ ఒక కనెక్షన్ ఆపేస్తారు. కాసేపటికి కొత్తవాళ్లకు కనెక్షన్లే దొరకవు. అందుకని సీటును ‘ఆపి ఉంచాం’ అని గుర్తు పెట్టి, గడువు టైము రాసి, లావాదేవీని అక్కడికక్కడే ముగించేస్తారు. డబ్బు వచ్చాక, ఆ సీటు ఇంకా అదే మనిషి పేరు మీద, గడువులోపే ఉందా అని చూసి ఖాయం చేస్తారు. గడువు దాటాక డబ్బు వస్తే, సీటు వేరేవాళ్లకు పోయి ఉంటే వాపసు ఇస్తారు. మీరు తర్వాత ఆలోచించింది కూడా ఇంచుమించు ఇదే.

మెయిల్‌లో ఇదంతా రాయకండి. రెండు వాక్యాలు చాలు. చదివే రిక్రూటర్ ఇంజినీర్ కాకపోవచ్చు. లాక్ తప్పా ఒప్పా అని ఆయన చెప్పలేరు. కానీ ఏ రౌండ్‌లో ‘వద్దు’ అని రాసి ఉందో ఆయనకు కనిపిస్తుంది. కాబట్టి మీ ప్రశ్న రౌండ్ గురించి ఉండాలి. సీటు బుకింగ్ వివరం ఎందుకంటే, ఒకవేళ ఆయన మీ మెయిల్‌ను ఆ రౌండ్ చేసిన ఇంజినీర్‌కి పంపిస్తే అవతలి మనిషికి మీరు వెంటనే గుర్తుకు రావాలి. మీరెలాగూ ఇంగ్లీషులోనే రాస్తారు, విషయం మాత్రం ఇలా ఉండాలి:

‘నమస్తే అండీ. బ్యాకెండ్ ఇంజినీర్ ఉద్యోగం విషయంలో మీ నిర్ణయం తెలిపినందుకు థాంక్స్. ప్రతి రౌండ్‌కూ నా ఆఫీసు టైము చూసి సర్దుబాటు చేశారు, అది నాకు చాలా సాయమైంది.

నిర్ణయం మార్చమని అడగడం లేదు. ఒక్క విషయం తెలిస్తే నా ప్రిపరేషన్‌కి పనికొస్తుంది. సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో బస్సు సీటు బుకింగ్‌కి, పేమెంట్ అయ్యేదాకా లాక్ పట్టి ఉంచాలని చెప్పాను. గడువు పెట్టి సీటు ఆపి ఉంచడం మేలని తర్వాత అర్థమైంది. నా విషయంలో ముఖ్యమైన లోటు ఈ డిజైన్ రౌండ్‌లోనే కనిపించిందా, లేక కోడింగ్ రౌండ్లలోనా?

ఒక్క లైను చాలు. ఫోన్‌లో చెప్పడం మీకు తేలికైతే సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా మాట్లాడగలను. ఫీడ్‌బ్యాక్ ఇవ్వకూడదన్న నియమం ఉంటే ఇబ్బంది పడకండి, మళ్లీ ఎప్పుడు అప్లై చేయవచ్చో చెప్పినా సంతోషం.’

ఇంతే. మీ పాత మెయిల్‌లో మూడో వంతు కూడా ఉండదు. చివర్లో ‘లేక’ అని రెండు దారులు ఇవ్వడం కావాలనే పెట్టాను. ‘నా లోపాలు చెప్పండి’ అంటే అవతలివాళ్లు కూర్చుని ఆలోచించి రాయాలి. ‘ఇదా, అదా’ అంటే బస్సులో పోతూ ఫోన్‌లోనే జవాబు కొట్టేయొచ్చు. ఫోన్ మాట కూడా అందుకే. కాగితం మీద పెట్టలేనిది చాలామంది రిక్రూటర్లు రెండు నిమిషాల కాల్‌లో చెబుతారు. మీ బాపు ఫోన్ అన్నది ఆ మేరకు సరైనదే, కాకపోతే చేయాల్సింది వాళ్లు.

ఎవరికి పంపాలన్నది కూడా ముఖ్యమే. రెండు లైన్ల మెయిల్ వచ్చిన అడ్రసు no-reply అని మొదలైతే దానికి జవాబిచ్చినా ఎవరూ చూడరు. మీ రౌండ్లకు టైములు ఫిక్స్ చేసిన రిక్రూటర్‌తో పాత మెయిల్ సంభాషణ ఉంటుంది కదా, దాని కిందే జవాబుగా రాయండి. మీరెవరో వెతుక్కునే పని వాళ్లకు ఉండదు. ఇంటర్వ్యూ చేసిన ఇంజినీర్లను లింక్డ్‌ఇన్‌లో వెతికి పట్టుకుని అడగకండి. సొంతంగా ఫీడ్‌బ్యాక్ చెప్పడానికి చాలా కంపెనీల్లో వాళ్లకు అనుమతి ఉండదు. ఈ రెండు మూడు రోజుల్లోనే, పనిదినాన పొద్దున పంపండి. నెల దాటితే వాళ్లకు మీ ఇంటర్వ్యూ గుర్తుండదు. జవాబు రాకపోతే ఒక వారం ఆగి ఒకే ఒక్కసారి, ఒక్క వాక్యంతో గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి.

వచ్చే జవాబును ఎలా చదవాలో కూడా చెప్తాను. ‘మీకంటే అనుభవం దగ్గరగా ఉన్నవారు దొరికారు’ అంటే మీ గురించి అందులో ఏమీ లేదు. దాన్ని పట్టుకుని రాత్రంతా అర్థాలు తీయకండి. పోస్టు ఆగిపోయినా, ఇంకా సీనియర్ కావాలనుకున్నా ఇదే వాక్యం రాస్తారు. ‘డిజైన్‌లో ఇంకొంచెం లోతు కావాలి’ అంటే మాత్రం అది పనికొచ్చే మాట. ఎదురు ప్రశ్న వచ్చినప్పుడు మీరు ఆగిపోయిన చోటే అది. ‘కోడింగ్‌లో’ అంటే మీరు ఊహించని చోట దెబ్బ తగిలిందన్నమాట. అప్పుడు మీ డిజైన్ జవాబు గురించి ఇన్ని రాత్రులు పడ్డ టెన్షన్ అంతా వేరే చోట పెట్టాల్సింది. ఏది వచ్చినా థాంక్స్ చెప్పి ఆపేయండి. ‘అది సరిగ్గానే చెప్పాను కదా’ అని ఒక్క మాట రాసినా, మీ తర్వాత అడిగే అభ్యర్థికి కూడా ఆ తలుపు మూసుకుంటుంది.

చాలా కంపెనీలు ఆరు నెలల నుంచి ఏడాది దాకా మళ్లీ అప్లై చేయనివ్వవు. వాళ్లు తేదీ చెబితే క్యాలెండర్‌లో పెట్టుకోండి.

ఇంట్లో విషయం. బాపుకు మెయిల్ చదివి వినిపించండి, గట్టిగా కాకపోయినా అడిగారని తెలిస్తే ఆయన ఊరుకుంటారు. రోజూ ‘జవాబొచ్చిందా’ అని అడగొద్దని, వస్తే మీరే చెప్తానని ఇప్పుడే అనండి. బావగారితో వాదన అక్కర్లేదు. నిద్ర లేకపోవడం ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే, ఆకలి కూడా తగ్గితే, ఈ ఉద్యోగం మాట పక్కనపెట్టి ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, మీకు దగ్గర్లో గానీ మానసిక వైద్యులను ఒకసారి కలవండి. పాత మెయిల్‌ను డ్రాఫ్ట్స్‌లో ఉంచకండి, పొరపాటున కంపెనీకి వెళ్లిపోతుంది.