మందుకీ నిద్రమాత్రకీ గ్యాప్ ఇస్తే సరిపోతుందా?

"నాన్న రాత్రి పెగ్గు వేసుకుని, మూడు గంటలాగి క్లోనాజెపామ్ వేసుకుంటారు. గట్టిగా గురక పెడుతున్నారు. పర్వాలేదా?"

పర్వాలేదని చెప్పలేనండీ. గ్యాప్ ఇచ్చి లాభం లేదు, నిన్నటి మాత్రే ఇంకా రక్తంలో ఉంటుంది. అందులో సగం పోవడానికే 30-40 గంటలు పడుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు శ్వాసను పెంచాలి. మందు, మాత్ర రెండూ కలిసి ఆ స్పందననే మొద్దుబారుస్తాయి. గొంతు కండరాలూ వదులై దారి మూసుకుంటుంది. ఆ గురకను గాఢనిద్ర అనుకోకండి.

తట్టి పిలిచినా లేవకపోయినా, ఊపిరి మధ్యమధ్య ఆగినా, పెదవులు నీలంగా మారినా వెంటనే అంబులెన్స్ పిలవండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలొద్దు. ఊపిరి ఆగితే సీపీఆర్ మొదలుపెట్టండి.

ఇవాళ్టి నుంచి మందు, మాత్ర కలవకూడదు. అలాగని రోజూ వాడేవాటిని ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. రేపే డాక్టరుకి పెగ్గు సంగతీ, గురక సంగతీ దాచకుండా చెప్పండి.