ఆత్మరక్షణ అన్న ముద్దాయి ఎంతవరకు రుజువు చేయాలి?

ప్రశ్న: క్రిమినల్ కేసులో ముద్దాయి ఆత్మరక్షణ అంటే, దాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలా? రెండు మార్కుల ప్రశ్నలో ఏం రాయాలి?

అక్కర్లేదు. భారం ముద్దాయిదే, స్థాయి మాత్రం సివిల్ కేసుదే.

చీపురుపల్లి దగ్గర గట్టు తగాదా అనుకోండి. కర్ర దెబ్బకి ఒకాయన చెయ్యి విరిగింది. కొట్టింది ముద్దాయేనని ప్రాసిక్యూషన్ సహేతుకమైన సందేహానికి తావు లేకుండా చూపాలి. ఈ భారం చివరిదాకా దానిదే. "ఆయనే ముందు కత్తెత్తాడు" అని ముద్దాయి అంటే, భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, సెక్షన్ 108 (పాత చట్టంలో 105) ప్రకారం ఆ మినహాయింపు చూపే భారం అతనిది. అలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశముందని తేలితే చాలు. సొంత సాక్షులే అక్కర్లేదు, ప్రాసిక్యూషన్ సాక్షి క్రాస్‌లో ఒప్పుకున్నా సరిపోతుంది.

మార్కు పోయేది ఇక్కడే: "భారం మారింది కనుక స్థాయి కూడా అంతే" అని రాసేస్తారు. ముద్దాయి పూర్తిగా రుజువు చేయలేకపోయినా, ఆ సాక్ష్యం నేరాంశంపై సహేతుకమైన సందేహం రేపితే విడుదలే.

దెబ్బ తిన్నాయన నష్టపరిహారానికి సివిల్ దావా వేస్తే, అక్కడ మొగ్గు ఎటుందన్నదే చూస్తారు. సందేహ లాభంతో వచ్చిన విడుదల ఆ దావాను కొట్టేయదు.